అమ్మమ్మ ఫోటోకు ఏడు దారాలు

నమస్తే. ఇది మా అమ్మమ్మ ఫోటో, దీన్ని క్రాస్ స్టిచ్‌లో కుట్టడానికి గళ్ల గ్రాఫ్ చేద్దాం. హన్మకొండ ఇంట్లో, కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తీసింది. స్టూడియోలో తెల్లగా చేయించిన కాపీ కూడా ఉంది కానీ, అందులో చెంపల మీది నీడలన్నీ పోయాయి. గ్రాఫ్‌కు అది పనికిరాదు.

ముందు నేను చేసిన తప్పు చూడండి. పది రంగులు నువ్వే ఎంచుకో అని సాఫ్ట్‌వేర్‌కే వదిలేశాను. గోడకు మూడు రంగులు ఇచ్చింది, బొట్టును మాత్రం నుదుటి రంగులో కలిపేసింది! 90 గళ్ల వెడల్పు, 120 గళ్ల ఎత్తు, మొత్తం 10,800 గళ్లు. అందులో బొట్టు పన్నెండు గళ్లే. అంత కొంచెం ఉన్న రంగును అది లెక్కలోకి తీసుకోదు. మా అమ్మ ఆ ప్రింట్ చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టేసింది.

అందుకే ఈసారి దారాలు ముందు, గ్రాఫ్ తర్వాత. డీఎంసీ కంపెనీ దారాల నెంబర్లలో ముదురు నుంచి లేతకు ఇవి ఆరు: 3371, 938, 433, 435, 437, 739. వేరే కంపెనీవి దొరికినా పర్వాలేదు. షాపు బయట వెలుతురులో ఆరూ వరుసగా పెట్టి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. ఏ రెండు ఒకేలా కనిపించినా ఒకటి మార్చాల్సిందే. ముఖాన్ని పోల్చుకునేలా చేసేది రంగు కన్నా వెలుగునీడలే.

ఇప్పుడు ఫోటోలు దిద్దే GIMP సాఫ్ట్‌వేర్ తెరుద్దాం. ముఖం వరకు 3:4 నిష్పత్తిలో కత్తిరించి, Colors > Desaturate. తర్వాత Colors > Levels లో రెండు చివరల బాణాలను కొద్దిగా లోపలికి జరపండి, నీడలు తేలతాయి. Image > Scale Image లో 90, 120 ఇవ్వండి. చివరగా Colors > Posterize, 6. ఆరు మెట్లు వచ్చాయి కదా, ఒక్కో మెట్టుకు ఒక్కో దారం. గోడను చెరిపేయండి, అక్కడ బట్టనే వదిలేస్తాం.

ఇక మిగిలింది చేతిపని. పెద్దగా జూమ్ చేసి చూడండి, చెంప మీద అక్కడక్కడ ఒంటరి గళ్లు ఉన్నాయి. వాటిని పక్క రంగులో కలిపేయండి, లేకపోతే ఒక్క కుట్టు కోసం దారం మార్చాలి, వెనకంతా ముళ్లే. కళ్లలో మాత్రం తొందరపడకండి. కంటి తెలుపుకు 437 వాడండి, 739 వేస్తే కళ్లు ఉరిమి చూసినట్టు ఉంటాయి. నల్లగుడ్డులో ఒకే ఒక్క గడి 739. ముక్కుపుడకకూ ఒక్క గడే.

బొట్టుకు 321 ఎరుపు, మనమే దిద్దాలి.

ఒక చిక్కుంది. అమ్మమ్మది తెల్లజుట్టు, బట్టా తెలుపే, అంచు కనబడదు. 435 ఒంటి పోగుతో జుట్టు చుట్టూ బ్యాక్ స్టిచ్ వేయండి. మిగతాదంతా రెండు పోగులతోనే. అంగుళానికి 14 గళ్ల ఐడా బట్ట మీద ఇది దాదాపు ఆరున్నర అంగుళాల వెడల్పు వస్తుంది. ప్రింట్‌ను గోడకు అంటించి గది ఆ చివర నుంచి చూడండి. అమ్మమ్మ అని పోల్చుకుంటేనే సూది పట్టండి.