మిస్టరీ షాపర్ రిపోర్ట్ ఎలా రాయాలి: ఒక మిక్సీ కథ

(షాపు బయట, సాయంత్రం. వ్యాఖ్యాత కెమెరా వైపు తిరిగి)

నమస్తే అండీ. మామూలు కస్టమర్‌లా షాపుకి వెళ్లి, అక్కడ జరిగింది కంపెనీకి రాసి పంపే పని మిస్టరీ షాపింగ్. నేను మొదట్లో రాసిన ఒక రిపోర్ట్ వెనక్కి వచ్చింది. అందులో "స్టాఫ్ సరిగా పలకరించలేదు" అని రాశాను. రిపోర్టులు సరిచూసే ఎడిటర్ అడిగింది ఒకటే: "సరిగా అంటే?" నా దగ్గర జవాబు లేదు. ఈ వీడియో అంతా ఆ ప్రశ్న గురించే.

ఒక గృహోపకరణాల షాపులో మిక్సీ కొనే పని తీసుకుందాం. వెళ్లే ముందు కంపెనీ ఇచ్చిన సూచనలు చదవాలి. ఈ పనిలో "లోపలికి వచ్చిన 30 సెకన్లలోపు పలకరించాలి" అని ఉందనుకోండి. కొలత అదే, మన మర్యాద లెక్కలు కాదు.

(స్క్రీన్ మీద: 6:12, తలుపు. 6:14, మిక్సీల ర్యాక్)

రిపోర్ట్‌లో ఇలా రాస్తాం: "6:12కి లోపలికి వెళ్లాను. తలుపు పక్కన ఇద్దరు సేల్స్ సిబ్బంది ఫోన్ చూసుకుంటున్నారు. ఎవరూ పలకరించలేదు. 6:14కి మిక్సీల ర్యాక్ దగ్గర నీలం చొక్కా ఉన్నతను వచ్చి 'ఏం చూపించమంటారు మేడం' అని నవ్వుతూ అడిగాడు." ఆలస్యం అయిందని చదివినవాళ్లకే తెలుస్తుంది. తర్వాత అతను బాగా మాట్లాడిన మాట కూడా అందులోనే ఉంది. అది వదిలేస్తే అతనికి అన్యాయం చేసినట్టే.

టైమ్ గుర్తుండాలని షాపులో నోట్‌బుక్ తీయకూడదు, వెంటనే దొరికిపోతాం. ఫోన్‌లో మెసేజ్ పెడుతున్నట్టు మనకి మనమే రెండు ముక్కలు పంపుకుంటే చాలు. ఆ మెసేజ్ టైమే మన సాక్ష్యం.

(మిక్సీ జార్ చేతిలో, దగ్గరగా)

వస్తువు గురించి సిబ్బందికి ఎంత తెలుసో చూడటం అన్నిటికంటే కష్టమైన భాగం. "ఇది బాగుంటుందా?" అని అడిగితే ఎవరైనా "బాగుంటుంది" అనే చెప్తారు, దాంతో ఏమీ తేలదు. ఇంటి అవసరం చెప్పి అడగాలి. నేను ఇలా అడిగాను: "రోజూ ఇడ్లీ పిండి రుబ్బుతాం, నలుగురం. 500 వాట్స్ సరిపోతుందా, 750 కావాలా?" అతను "750 తీసుకోండి మేడం, పవర్ ఎక్కువ" అన్నాడు. ఎందుకు అని అడిగితే "అందరూ అదే తీసుకుంటున్నారు" అన్నాడు. రెండో ప్రశ్న వారంటీ మీద. మిక్సీకి, లోపలి మోటార్‌కి వారంటీ వేర్వేరుగా ఉండటం చాలా మోడళ్లలో మామూలే. "రెండూ ఒకటేనా?" అని అడిగాను. అతను పెట్టె తిప్పి చదివి, మోటార్‌కి ఎక్కువ ఏళ్లని చెప్పాడు. ఇక్కడ "అవగాహన తక్కువ" అని రాయకూడదు. నేనేం అడిగానో, అతనేం అన్నాడో, పెట్టె చూసి చెప్పాడనీ అతని మాటల్లోనే రాయాలి. తెలియనిది చూసి చెప్పడం కూడా మంచి లక్షణమేనని నా అభిప్రాయం. కానీ అది నా అభిప్రాయం కాబట్టి మార్కుల్లోకి రాకూడదు. సూచనల్లో ఏముందో దాన్నిబట్టే మార్కులు.

(బిల్లింగ్ కౌంటర్, వరుస)

బిల్లింగ్‌లో మూడు చూడండి: ఎంతసేపు నిలబడ్డాం, ర్యాక్ ధర బిల్లులో ఉందా, ఫోన్ నంబర్ ఎలా అడిగారు. "6:31కి వరుసలో నిలబడ్డాను, నా ముందు నలుగురు. మూడు కౌంటర్లలో ఒకటే తెరిచి ఉంది. 6:40కి బిల్లు వచ్చింది. ర్యాక్ మీద ఆఫర్ ధర 3,299, బిల్లులో 3,499. అడిగాక కౌంటర్‌లో ఉన్నామె సరిచేసింది." ఫోన్ నంబర్ ఇవ్వనన్నాను. "నంబర్ లేకపోతే బిల్లు రాదు" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు రాయాలి. కొన్నవాళ్లని నంబర్ కోసం బలవంతపెట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే షాపులకి చెప్పింది. బిల్లు తప్పనిసరిగా దాచుకోండి, అది లేకపోతే వెళ్లినట్టు రుజువే ఉండదు.

(నేల, తడి అడుగుల ముద్రలు)

శుభ్రతకి ఎక్కువ మాటలు అక్కర్లేదు, ఎక్కడ, ఏమిటి అన్నది చాలు. "గలీజుగా ఉంది" అని కాదు, "మిక్సీల కింది ర్యాక్ మీద వేలితో గీత పడేంత దుమ్ము". బయట వాన పడుతుంటే తలుపు దగ్గర తడి అడుగులు మామూలే, వాన పడుతోందని కూడా రాయండి. లోపల ఫొటోలు తీయవచ్చో లేదో సూచనల్లో చూసుకోండి.

ఇంటికి వచ్చాక ఆ రాత్రే రాయాలి, నిద్రపోతే మాటలు మారిపోతాయి. పంపే ముందు ఒక్క పని: "30 సెకన్లలోపు పలకరించారా?" దగ్గర "అవును" అని టిక్ పెట్టి, కింద 6:14 అని రాశారేమో చూసుకోండి. టిక్కు, రాత కలవకపోతే రిపోర్ట్ వెనక్కి వస్తుంది.