సగటు చూసి మినిమం పెట్టారా? అయితే ఖాళీ ర్యాక్‌ని మీరే ఆర్డర్ చేశారు!

ఒక హాస్పిటల్ స్టోర్ ఇన్‌ఛార్జ్ పంపిన ప్రశ్న ఇది: "అన్నా, ఆరు నెలల వాడకం సగటు తీసి, సరుకు ఎంతకి పడితే ఆర్డర్ పెట్టాలో ఆ మినిమం, ఎంత దాకా నింపాలో ఆ మ్యాక్సిమం పక్కాగా పెట్టాం. అయినా సెలైన్ ఎక్కించే కాన్యులాలు మధ్యలో అయిపోతున్నాయి, ఎమర్జెన్సీ సరుకేమో కదలట్లేదని ఆడిట్‌లో తిట్లు. తప్పెక్కడ జరిగింది?"

సగటులో! మీ కూడికలూ భాగహారాలూ తప్పని కాదు, అవి సరిగ్గానే ఉండి ఉంటాయి. అసలా అంకెని నమ్మడమే తప్పు. మీ స్టోర్‌లో ఒక వస్తువు అయిపోయిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఏం రాసుకుంటుందో తెలుసా? ఈ రోజు వాడకం సున్నా, అని. వాడకం సున్నా ఏంటండీ బాబూ, వార్డు నుంచి సిస్టర్ మూడుసార్లు మనిషిని పంపింది, మీరు లేదని తిప్పి పంపారు, అది ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు!

ఆ 20జి కాన్యులానే తీసుకుందాం, గులాబీ రంగుది. ఆరు నెలలు, అంటే 182 రోజుల్లో స్టోర్ నుంచి 5,460 ఇష్యూ అయ్యాయనుకోండి. భాగిస్తే రోజుకి 30. అందరూ ఇక్కడే ఆగిపోతారు. ఇప్పుడు వచ్చిందీ వెళ్ళిందీ మిగిలిందీ రాసుకునే బిన్ కార్డ్ తీసి, బ్యాలెన్స్ సున్నా ఉన్న రోజులు ఎన్నో వేలు పెట్టి లెక్కపెట్టండి. ఇరవై ఆరు ఉన్నాయనుకుందాం. ఆ 26 రోజులు వాడకం లేని రోజులు కావు, సరుకు లేని రోజులు, కాబట్టి వాటిని తీసెయ్యాలి. మిగిలింది 156 రోజులు. 5,460ని 156తో భాగిస్తే రోజుకి 35. అదీ అసలు అంకె.

ఐదే కదా తేడా అంటారా? ఆగండి, అసలు కథ ఇక్కడే ఉంది.

సప్లయర్ 15 రోజుల్లో ఇస్తానన్నాడు, మీరు బఫర్ ఇంకో ఏడు రోజులు కలిపారు, మొత్తం 22 రోజులు, రోజుకి 30 చొప్పున మినిమం 660. కాగితం మీద ముద్దుగా ఉంది. కానీ గత ఐదు ఆర్డర్లు నిజంగా ఎన్ని రోజులకి వచ్చాయో చూడండి, అంటే సప్లయర్ లారీ ఎక్కించిన రోజు నుంచి కాదు, మీరు సరుకు కావాలని ఇండెంట్ రాసిన రోజు నుంచి సంతకాలన్నీ అయ్యి, సరుకు వచ్చి, చెక్ చేసి ర్యాక్‌లో పెట్టిన రోజు దాకా. 12, 14, 15, 19, 27 వచ్చాయనుకుందాం. ఇప్పుడు 660ని 35తో భాగించండి, పందొమ్మిది రోజులు కూడా నిండవు. సరుకు వచ్చింది ఇరవై ఏడో రోజున. అంటే ఎనిమిది రోజులు ర్యాక్ ఖాళీ. ఆ ఎనిమిది రోజులూ మళ్ళీ సున్నాలుగా వచ్చేసారి సగటులోకి వెళ్తాయి, సగటు ఇంకొంచెం పడుతుంది, దాంతో మినిమం పడుతుంది, ఈసారి ఇంకా ముందే అయిపోతుంది. చూశారా? కొరత తన సాక్ష్యాన్ని తానే చెరిపేస్తోంది, మనమేమో సాఫ్ట్‌వేర్ చెప్పిందని తలూపుతున్నాం!

సరే, ఇప్పుడు సరిచేద్దాం. రోజుకి 35, ఎక్కువ ఆలస్యమైన లోడ్ 27 రోజులు, అంటే 945. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, చాలామంది దీన్ని అసలు పట్టించుకోరు. మీరు బ్యాలెన్స్ ఎప్పుడెప్పుడు చూస్తున్నారు? వారానికోసారి అయితే, ఈ సోమవారం మినిమం కన్నా నాలుగు ఎక్కువున్నాయని వదిలేసిన వస్తువుని మళ్ళీ వచ్చే సోమవారం దాకా ఎవరూ చూడరు. ఆ వారంలో 245 వెళ్ళిపోతాయి. అందుకే అది కూడా కలిపి మినిమం 1,190. నెలకోసారి చూసే స్టోర్ అయితే కలపాల్సింది ఏకంగా 1,050! నెలకోసారి రిజిస్టర్ తెరిచి, ఏడు రోజుల బఫర్ పెట్టుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళని ఏమనాలో నాకు అర్థం కాదు.

మ్యాక్సిమం మీరు ఎంత పెద్ద ఆర్డర్ పెట్టాలనుకుంటారో దాన్ని బట్టి. సుమారు నెలకో ఆర్డర్ చాలనుకుంటే 1,190కి 1,050 కలిపి 2,240. చెక్ చేసిన రోజున ర్యాక్‌లో 1,000 ఉండి దారిలో ఏమీ లేకపోతే కావాల్సింది 1,240, బాక్స్‌కి 50 వస్తే 25 బాక్సులు పెడతారు, అంటే 1,250. ఇక అది వచ్చేలోపు ర్యాక్‌లో 400 మిగిలాయి, కొత్తగా వచ్చిన కుర్రాడు చూసి కంగారుపడి ఇంకో ఆర్డర్ కొట్టేస్తాడు. రెండు లోడ్లూ వెనకా ముందూ దిగుతాయి, మెట్ల కింద కూడా కాన్యులాలే! మినిమంతో పోల్చాల్సింది ర్యాక్‌లో ఉన్నదాన్ని ఒక్కదాన్నే కాదు, ర్యాక్‌లో ఉన్నదీ ఆర్డర్ పెట్టి ఇంకా రానిదీ కలిపి. 400కి 1,250 కలిపితే 1,650, మినిమం పైనే ఉంది, మళ్ళీ ఆర్డర్ అక్కర్లేదు. అక్కడ చేయాల్సింది సప్లయర్‌కి ఫోన్.

మధ్యలో ఒక మాట, వదల్లేను. ఒకసారి స్టాక్ అయిపోయాక వార్డు సిస్టర్లు ఏం చేస్తారు? అల్మరాలో దాస్తారు! నేను వాళ్ళని తప్పు పట్టను, రాత్రి రెండింటికి పేషెంట్ ముందు నిలబడేది వాళ్ళు, మనం కాదు. కానీ సరుకు రాగానే వంద అవసరమైన చోట మూడు వందలకి ఇండెంట్ పెడతారు, మీ ఇష్యూ అంకె ఒక్కసారిగా లేస్తుంది, మీరు దాన్ని వాడకం అనుకుంటారు. ఇష్యూ వేరు, వాడకం వేరు. లోడ్ దిగిన వెంటనే ఇష్యూలు ఎగిరి, ఆ తర్వాత వారం పది రోజులు చప్పబడితే అది దాపుడే. అప్పుడు ఆ అంకె పెట్టుకుని లెక్క చేయకండి, ముందు వార్డుల్లో అల్మరాలు తెరిచి లెక్కపెట్టించండి.

ఇప్పుడు అసలు కోపం వచ్చే విషయం, ఎమర్జెన్సీ సరుకు. ఆడిట్ వాళ్ళ నాన్ మూవింగ్ లిస్టు. ఏడాదిగా కదల్లేదు, తీసెయ్యండి అంటారు. కదలకూడదనే కదా పెట్టింది! గోడకి తగిలించిన ఫైర్ సిలిండర్ నెలకి ఎన్నిసార్లు వాడారో సగటు తీసి, సున్నా వచ్చిందని పీకేస్తారా?

డాంట్రోలిన్ సంగతి చూడండి. మత్తు ఇచ్చినప్పుడు అరుదుగా కొందరికి మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా వస్తుంది, కండరాలు బిగుసుకుపోతాయి, ఒళ్ళు కాలిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. దానికి మందు ఇదే. ఎన్నో హాస్పిటళ్ళలో ఏళ్ళ తరబడి ఒక్క కేసు కూడా రాదు. సగటు సున్నా, సున్నాని ఎన్ని రోజులతో గుణించినా సున్నా. మీ ఫార్ములా దీనికి ఇచ్చే మినిమం అదీ!

దీన్ని లెక్కించాల్సింది రోజుల్లో కాదు, పేషెంట్‌తో. ఒక్క కేసు వస్తే, ఆ ఒక్కరికి ఎంత కావాలి? మొదటి డోస్ కేజీకి 2.5 మిల్లీగ్రాములు. 70 కేజీల మనిషికి 175. పాత రకం వయల్‌లో ఉండేది 20, అంటే తొమ్మిది వయల్స్, అదీ మొదటి డోస్‌కే. తగ్గకపోతే మళ్ళీ మళ్ళీ ఇస్తారు, కేజీకి 10 దాకా వెళ్తే 700 మిల్లీగ్రాములు, 35 వయల్స్. ఈ జబ్బు మీద పనిచేసే అమెరికా సంస్థ ఎం.హెచ్.ఏ.యు.ఎస్. ఈ 20 మిల్లీగ్రాముల వయల్స్ 36 ఉంచుకోమంటుంది. ఆ 36 ఎక్కడి నుంచి ఊడిపడిందా అనుకునేవాళ్ళకి ఇదే లెక్క.

అయిపోలేదు. ఒక్కో వయల్ కరగడానికి 60 ఎం.ఎల్. స్టెరైల్ వాటర్ కావాలి, సెలైన్ పనికిరాదు. మొదటి డోస్‌కే 540 ఎం.ఎల్., మొత్తానికి 2,160. మీ ఓ.టి.లో 36 వయల్స్ ముచ్చటగా ఉండి, పక్కన పది ఎం.ఎల్. వాటర్ ఆంపుల్స్ మాత్రమే ఉంటే తొమ్మిది వయల్స్ కలపడానికి 54 ఆంపుల్స్ విరగ్గొట్టాలి. అప్పుడు చేతులు ఎవరివి, టైమ్ ఎవరిది? అందుకే ఎమర్జెన్సీ వస్తువుకి మినిమం ఒంటరిగా పెట్టకూడదు, దానితో పాటు వెళ్ళేదానికి కూడా అదే లెక్కన పెట్టాలి. పైగా ఇవి మెయిన్ స్టోర్ తాళం వెనక ఉంటే లేనట్టే. మత్తు ఇచ్చే చోట నిమిషాల్లో చేతికందాలి.

ఎక్స్‌పైరీ అయి పారేస్తే నష్టం కదా అంటారు. అవును, డబ్బు పోతుంది, ముందే ఒప్పుకుని బడ్జెట్‌లో రాసుకోండి. ఈ రకం సరుకుకి ఆ ఖర్చు మాఫీ. మామూలు సరుకుకి మాత్రం లేదు, అక్కడ ఆడిట్ వాళ్ళు తిట్టినా నేను వాళ్ళ పక్షమే. నెలకి 5 వాడే ఏదో సైజు కాథెటర్, సప్లయర్ 60 కంటే తక్కువ ఇవ్వనన్నాడని మ్యాక్సిమం 60 పెట్టేస్తారు, వచ్చిన బాక్స్ మీద గడువు ఇంకో ఎనిమిది నెలలే. 40 వాడతారు, 20 చెత్తబుట్ట. మ్యాక్సిమం పెట్టే ముందు గడువులోపు ఎన్ని వాడగలరో చూడాలి, సప్లయర్ దగ్గర కనీసం ఏడాది గడువున్న సరుకే తీసుకుంటామని ఆర్డర్‌లో రాయించాలి.

ఇంత చేసినా చేతులెత్తేయాల్సిన రోజులు ఉంటాయి. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను అమెరికాలో నార్త్ కోవ్ దగ్గర బాక్స్‌టర్ ఫ్యాక్టరీని ముంచేసింది, ఆ దేశంలో ఐ.వి. ఫ్లూయిడ్స్‌లో అప్పట్లో సుమారు 60 శాతం అక్కడివే. ఎంత ఆర్డర్ పెట్టినా కోటా ప్రకారమే పంపారు. అలాంటప్పుడు మినిమం అంకె మీకు ఏమీ చేయదు, ఏ పేషెంట్‌కి నోటి ద్వారా ఇస్తే సరిపోతుందో డాక్టర్లతో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

చివరగా ఒకటి, ఇది ఇవాళే చేయండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో నెలనెలా ఈ మినిమం, మ్యాక్సిమం లెవెల్స్‌ని దానంతట అదే మార్చే సెట్టింగ్ ఉంటుంది. ఎమర్జెన్సీ వస్తువులన్నిటికీ అది ఆపేయించండి, మార్చే అధికారం అనస్థీషియా, క్యాజువాలిటీ డాక్టర్ల సంతకంతోనే అని రాయించండి. లేకపోతే మీరు ఇవాళ కష్టపడి 36 అని కొట్టి ఇంటికెళ్తారు, నెలాఖరు రాత్రి అది మళ్ళీ సగటు తీసి సున్నా చేసి పెడుతుంది.