క్లోరిన్‌కు మూడో వంతు, బ్రోమిన్‌కు సరిసమానం

తెర మీద కనిపిస్తున్నది క్లోరోబెంజీన్ మాస్ స్పెక్ట్రమ్: అడ్డంగా అయాన్ల భారం, నిలువుగా ఆ భారమున్నవి ఎన్ని అన్నది. ముందుగా కుడి చివర చూడండి. 112 దగ్గర అన్నిటికంటే పొడవైన పీక్ ఉంది. దానికి రెండు యూనిట్ల అవతల, 114 దగ్గర, సుమారు మూడో వంతు ఎత్తులో ఇంకొకటి ఉంది. నమూనాలో ఉన్నది ఒకే పదార్థం. మరి రెండు పీకులు ఎందుకు?

క్లోరిన్ పరమాణు భారం 35.5 అని మనం చదువుకున్నాం. కానీ అది సగటు మాత్రమే. 35.5 భారమున్న క్లోరిన్ పరమాణువు ఎక్కడా దొరకదు. ప్రకృతిలోని క్లోరిన్‌లో 75.8 శాతం 35 భారంతో, 24.2 శాతం 37 భారంతో ఉంటుంది. స్పెక్ట్రోమీటర్ సగటు తీయదు, ఏ అయాన్‌ను ఆ అయాన్‌గానే లెక్కిస్తుంది. 77 భారమున్న మిగతా భాగంతో కలిపితే 112, 114 వస్తాయి, అందుకే 112.5 దగ్గర ఏమీ లేదు. 24.2ను 75.8తో భాగిస్తే 0.32 వస్తుంది. అంటే మొదటి పీక్ ఎత్తు 100 అయితే రెండోది 32. పరీక్షలో 3:1 అని రాస్తే చాలు.

ఇప్పుడు 77 దగ్గరకు రండి. దానికి 79 దగ్గర ఆ నిష్పత్తిలో జోడీ లేదు. ఎందుకంటే క్లోరిన్ ఊడిపోయాక మిగిలిన ఫినైల్ అయాన్ అది. నాకు ఈ స్పెక్ట్రమ్‌లో బాగా నచ్చేది ఇదే: జోడీ ఉన్న ముక్కలో క్లోరిన్ ఉంది, జోడీ పోయిన చోట క్లోరిన్ పోయింది.

ఇక బ్రోమోబెంజీన్. 156, 158 దగ్గర రెండు పీకులు, ఎత్తు దాదాపు సమానం. బ్రోమిన్‌లో 79 భారం ఉన్నది 50.7 శాతం, 81 ఉన్నది 49.3 శాతం. కాబట్టి 100కు 97, అంటే 1:1. పరమాణు భారం 80 కదా అని 157 దగ్గర పెద్ద పీక్ కోసం వెతకకండి, స్థిరమైన బ్రోమిన్-80 లేదు. అక్కడ కనిపించే చిన్న పీక్ కార్బన్-13ది. ఆరు కార్బన్లు ఉన్నాయి కాబట్టి 156 ఎత్తులో అది ఆరేడు శాతం ఉంటుంది.

ప్రయోగశాలలో తీసిన స్పెక్ట్రమ్‌లో ఒక్కోసారి క్లోరిన్ జోడీ 3:2లా కనిపిస్తుంది. కంగారుపడి కొత్త నిర్మాణం ఊహించే ముందు డిటెక్టర్ సంకేతం చూడండి. నమూనా ఎక్కువైతే 112 పీక్ డిటెక్టర్ హద్దును తాకి ఆగిపోతుంది, 114 మాత్రం సరిగ్గానే నమోదవుతుంది. అలాంటప్పుడు ద్రావణాన్ని పలుచన చేసి మళ్లీ ఎక్కించండి. అప్పటికీ రెండో పీక్ మూడింట రెండు వంతుల దగ్గరే ఉండి, నాలుగు యూనిట్ల అవతల తొమ్మిదో వంతు ఎత్తులో ఇంకొకటి కనిపిస్తే, మీ అణువులో రెండు క్లోరిన్లు ఉన్నట్టు.