ఓనరుకు పంపని మెసేజ్

(తిరుపతి కొర్లగుంటలో బాడుగ ఇళ్లవాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చెప్పినారు, నేను మళ్లీ చెప్పను. నాకిచ్చిన అంశం బాడుగ ఒప్పందాల్లో జాగ్రత్తలు. దానికి చివర్లో వస్తాను. ముందు ఒక మెసేజ్ గురించి మాట్లాడాలి.

పోయిన కార్తీకమాసంలో ఒకరోజు రాత్రి పదకొండు గంటలకు మా వీధి చెల్లెలు ఒకామె తలుపు తట్టింది. ఆసుపత్రిలో నర్సు. "అక్కా, ఇది ఓనరుకు పంపుతాండా, తప్పులుంటే దిద్దు" అని ఫోను చేతికిచ్చింది. ఆమె ఒప్పుకుంది కాబట్టి మీకూ చదువుతాను:

"మీకు బాడుగ మాత్రం ఒకటో తేదీ పొద్దున్నే కావాలి. ఇంట్లో మనుషులు ఎట్లా బతుకుతాండారో అక్కర్లేదు. ఎన్నిసార్లు చెప్పినా చెవిటోడి ముందర శంఖం ఊదినట్టే. వంటిల్లంతా ఉరుస్తాంది. మీ పిల్లోళ్లనైతే ఇట్లా పెడతారా? రేపటికి బాగుచేయకపోతే బాడుగ ఇవ్వను, కోర్టుకు పోతా."

తప్పులు దిద్దడం మాట అట్లుంచండి, నాకు నా సొంత ఉత్తరం గుర్తొచ్చింది. 1998లో బైరాగిపట్టెడలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. గోడ నెమ్ము పట్టి బీరువాలో బట్టలు బూజు పట్టినాయి. మా అమ్మకు ఆయాసం. ఓనరుకు రెండు పేజీల ఉత్తరం రాసినాను. అందులో ఒకచోట "మీరసలు మనుషులేనా" అని రాసినాను. ఆయన ఆ ఉత్తరం పట్టుకొని వీధిలో నలుగురు పెద్దమనుషులకు చూపించినాడు. పంచాయతీ మా ఇంటి ముందే జరిగింది. రెండు గంటలు మాట్లాడినారు. ఆ రెండు గంటల్లో గోడ మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎవరూ లోపలికొచ్చి ఆ నెమ్మును చూడలేదు. అందరూ ఆ ఒక్క మాటే పట్టుకున్నారు. "ఆడపిల్లవి, పెద్దాయన్ను అంత మాట అంటావా" అని నా చేత క్షమాపణ చెప్పించినారు. రెండు నెలలకు ఇల్లు ఖాళీ చేసినాం. గోడ అట్లే ఉంది. నా కోపం న్యాయమైనదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆయన తప్పించుకోవడానికి దారి నేనే రాసిచ్చినాను.

అందుకే ఆ చెల్లెల్ని కూర్చోబెట్టి అడిగినాను, "ఇది ప్లంబరు చదివితే ఏం తెలుస్తుంది చెప్పు?" అని. ఆమె మళ్లీ చదువుకుంది. వంటిల్లు ఉరుస్తోందన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. అది కూడా ఎప్పటి నుంచో, ఏ మూలో లేదు. పైగా వానల కాలం. "వానకు అందరి మిద్దెలూ ఉరుస్తాయమ్మా, ఎండ కాస్తే అదే ఆరిపోతుంది" అని ఓనరు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

"వాన ఆగినాక కారడం ఆగిందా?" అన్నాను. "లేదక్కా, మూడు రోజులు ఎండ కాసినా ఆగలే. పైవాళ్లు పొద్దున స్నానాలు చేసిన అరగంటకు ఇంకా ఎక్కువైతాది." చూడండి, ఈ వాక్యం ఎంత ముఖ్యమో! అది వాన నీళ్లు కాదు, పై బాత్రూము నీళ్లు అని దానితోనే తెలిసిపోతోంది. పై పోర్షన్ కూడా ఆ ఓనరుదే. ఇంత పనికొచ్చే మాట ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

"ఎక్కడ కారుతోంది?" అంటే, "స్విచ్‌బోర్డు పక్కన, జానెడు దూరంలో" అనింది. నాకు గుండె ఆగినంత పనైంది. ముందు పోయి మెయిన్‌లో ఆ బోర్డుకు కరెంటు ఆపి రమ్మన్నాను. వచ్చినాకే మిగతా మాటలు.

ఎన్నిసార్లు చెప్పినా అని రాసింది కదా, ఎన్నిసార్లు? ఫోను తెరిచి చూస్తే 6న ఒకసారి, 10న ఒకసారి మాట్లాడింది. ఎన్నిసార్లు అంటే ఓనరు "ఎప్పుడు చెప్పినావు" అంటాడు. 6న, 10న అంటే ఆయన ఫోనులోనూ అవే తేదీలుంటాయి.

పిల్లోళ్ల మాట తీసేయమంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. "అదే కదక్కా నా బాధ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజమే. అప్పుడు అడిగినాను, ఆ మాట ఎందుకొచ్చిందని. రెండేళ్ల బాబు ఆ తడి నేల మీదే తిరుగుతాడంట, షాక్ కొడుతుందేమోనని రాత్రిళ్లు ఆమెకు నిద్ర లేదంట. అమ్మా, అయ్యా, ఇది గమనించండి. ఆయన పిల్లల్ని లాగినంతసేపూ అది తిట్టుగానే ఉంది. నీ బిడ్డ గురించి ఉన్నదున్నట్టు రాస్తే అదే ఫిర్యాదులో అన్నిటికన్నా బలమైన వాక్యం.

కోపం దిగినాక ఆమె రెండో తప్పు చేసింది. "అన్నా, వంటింట్లో కొంచెం చెమ్మగా ఉంది, వీలున్నప్పుడు చూడండి" అని రాసింది. ఇదీ వద్దన్నాను. అది కొంచెం కాదు, చెమ్మా కాదు. వీలున్నప్పుడు అంటే వచ్చే సంక్రాంతికైనా వీలుండదు. చివరికి పంపింది ఇది:

"అన్నా, నమస్తే. కింది పోర్షన్ నుంచి రాస్తున్నాను. నవంబరు 4 నుంచి వంటింటి మిద్దె కారుతోంది. కారేచోటికి జానెడు దూరంలో స్విచ్‌బోర్డు ఉంది. దానికి కరెంటు ఆపేసినాం. రెండేళ్ల బాబు ఆ తడిలోనే తిరుగుతాడు, షాక్ కొడుతుందని భయంగా ఉంది. వాన నిలిచి మూడు రోజులైనా ఆగలేదు, పైన స్నానాలు చేసిన అరగంటకు ఎక్కువవుతోంది. పై బాత్రూము చూపించాలి. 6న, 10న మీకు ఫోనులో చెప్పినాను. 16వ తేదీ ఆదివారంలోగా ప్లంబరును పంపించండి. ఆ రోజంతా ఇంట్లోనే ఉంటాను. ఎప్పుడొస్తారో రేపు సాయంత్రానికి చెప్పండి. రెండు ఫొటోలు, ఒక వీడియో పెడుతున్నాను."

ఇందులో కోపం మాట ఒక్కటీ లేదు. ఆమె చెప్పాలనుకున్నదాంట్లో తగ్గిందీ ఏమీ లేదు. నిజానికి పెరిగింది.

బెదిరింపులు రెండూ ఎందుకు తీసేయించినానో చెప్పాలి, ఇక్కడే నాకిచ్చిన అంశమూ వస్తుంది. బాడుగ ఆపితే, ఖాళీ చేయించడానికి ఓనరు చేతికి మనమే కారణం ఇచ్చినట్టు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ ఏమంటుందంటే, తాను చేయాల్సిన మరమ్మతును, బాడుగదారు నోటీసు ఇచ్చినాక కూడా, ఓనరు తగిన గడువులో చేయకపోతే, బాడుగదారే చేయించుకొని ఆ ఖర్చు బాడుగలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో ఇంకోరకంగా రాసుకొని ఉంటే మాత్రం ఇది చెల్లదు, అందుకే సంతకం పెట్టే ముందు మరమ్మతుల వాక్యం చదవండి. డబ్బు పట్టుకునే ముందు ఒక వకీలును అడగండి. కానీ నోటీసు అన్న మాట గుర్తుపెట్టుకోండి. రేపు ఎవరైనా అడిగితే ఏం చెడింది, ఎప్పటి నుంచి, ఎప్పుడు చెప్పినావు, ఎంత గడువిచ్చినావు అనే అడుగుతారు. ఆ నాలుగూ మొదటి మెసేజ్‌లో సరిగ్గా లేవు, చివరికి పంపినదాంట్లో ఉన్నాయి.

ఓనరు మరుసటి రోజు మధ్యాహ్నమే "ఆదివారం పంపుతానమ్మా" అని జవాబిచ్చినాడు. ప్లంబరు వచ్చి చూస్తే పై బాత్రూములో నీళ్లు పోయే జాలీ చుట్టూ సిమెంటు విడిపోయి ఉంది. అది సరిచేసినారు, కారడం ఆగింది. కింద పెచ్చులూడిన మిద్దె మాత్రం పూయలేదు. బోర్డును కూడా ఎలక్ట్రీషియన్ వచ్చి చూడలేదు. ఆ రెండింటికీ నిన్న ఆమె తనే ఇంకో మెసేజ్ రాసింది, ఈసారి నన్ను అడగలేదు. ఆ మూడో వరసలో ఉంది. రామ్మా, మైకు దగ్గరికొచ్చి నువ్వే చదువు.