లక్ష నష్టానికి 36 వేలేనా? లారీ రసీదుపై చర్చ

యాంకర్: హైదరాబాద్ నుంచి రాజమండ్రిలోని మీ షాపుకి టీవీలు తెప్పించారు కదా. ఏం జరిగింది?

వ్యాపారి: పన్నెండు టీవీలండీ. ఇన్వాయిస్ 2,40,000 రూపాయలు, కిరాయి 3,600. ఐదు పెట్టెలు నలిగిపోయి వచ్చాయి. విప్పి చూస్తే ఐదింటికీ స్క్రీన్ పగిలింది. లక్ష రూపాయలు పోయింది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అడిగితే 36,000 దాటి ఇవ్వం అన్నారు. వాళ్లే పగలగొట్టి వాళ్లే రేటు కట్టడమేంటండీ?

లాయర్: మీ కోపం న్యాయమే, కానీ ఆ లెక్క వాళ్లు కల్పించింది కాదు. క్యారేజ్ బై రోడ్ చట్టం 2007లో వచ్చింది, దాని రూల్స్ 2011లో వచ్చాయి. వాటి ప్రకారం ట్రాన్స్‌పోర్టరు బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. సరుకు బుక్ చేసేటప్పుడు ఇచ్చే ఫార్వర్డింగ్ నోట్‌లో రాసిన విలువ అంతకన్నా తక్కువైతే, ఆ విలువ వరకే.

యాంకర్: పూర్తి విలువ రావాలంటే?

లాయర్: బుకింగ్ రోజునే, ట్రాన్స్‌పోర్టరు ఎక్కువ బాధ్యత తీసుకోవడానికి అడిగే ‘ఎక్కువ రిస్కు రేటు’ కడతామని ఒప్పుకోవాలి, అది రసీదులో కనిపించాలి. సరుకు పగిలాక అడిగితే కుదరదు. పార్శిల్ ఆఫీసుల్లో ఈ సంగతి అడగనిదే చెప్పరు. నాకు బాధ కలిగించేది అదే.

వ్యాపారి: నా లారీ రసీదు, అదే ఎల్‌ఆర్ మీద ‘ఓనర్స్ రిస్క్’ అని, అంటే నష్టమొస్తే సరుకు యజమానిదే అని ముద్ర ఉంది. ఆ 36,000 కూడా రావేమోనని టెన్షన్.

లాయర్: ఆ ముద్ర చూసి వెనక్కి తగ్గకండి. అది ఉన్నంత మాత్రాన ట్రాన్స్‌పోర్టరు నిర్లక్ష్యానికి బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. పైగా వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయక్కర్లేదు. సరుకు బాగా ఎక్కించారు, పాడై దిగింది, ఈ రెండూ చూపిస్తే చాలు. మొదటిదానికి ఎల్‌ఆర్ ఉంది. డెలివరీ కాపీ మీద ఏమని సంతకం పెట్టారు?

వ్యాపారి: ‘ఐదు పెట్టెలు నలిగాయి, విప్పి చూడాలి’ అని రాశాను. డ్రైవర్‌తో కూడా సంతకం పెట్టించాను.

లాయర్: చాలా మంచి పని చేశారు. ఏమీ రాయకుండా సంతకం పెట్టి ఉంటే, పెట్టెలు మీ గోదాంలోనే నలిగాయని వాదించేవాళ్లు. ఫోటోలున్నాయా?

వ్యాపారి: పగిలిన స్క్రీన్లవి ఉన్నాయి.

లాయర్: లారీలో పెట్టెలు ఉన్నప్పుడే, నంబర్ ప్లేటూ ఎల్‌ఆర్ నంబరూ కనిపించేలా తీసి ఉంటే ఇంకా బలంగా ఉండేది. ఇప్పుడైనా ఆ టీవీల్ని, పెట్టెల్ని పారేయకండి. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లను పిలిచి చూపించి డ్యామేజ్ సర్టిఫికెట్ అడగండి. రాకపోతే, పిలిచినట్టు రాత ఉంచుకోండి. బీమా ఉంటే సర్వేయర్ చూసేదాకా ఏదీ కదపకండి.

యాంకర్: నోటీసు గడువు ఎంత?

లాయర్: బుకింగ్ తేదీ నుంచి 180 రోజులు. డెలివరీ తేదీ నుంచి కాదు. ఆలోగా నోటీసు ట్రాన్స్‌పోర్టరుకి అందకపోతే తర్వాత దావా నిలబడదు. మీరెప్పుడు బుక్ చేశారు?

వ్యాపారి: జూన్ 10న. అప్పటి నుంచి ఫోన్లో ‘చూస్తాం, చూస్తాం’ అంటున్నారు.

లాయర్: ఫోన్ మాట నోటీసు కాదండీ. డిసెంబర్ 7తో మీ గడువు ముగుస్తుంది. ఎల్‌ఆర్ నంబరు, బుకింగ్ తేదీ, పాడైన టీవీల సంఖ్య, అడిగే మొత్తం రాసి, రేపే వాళ్ల హెడ్డాఫీసుకి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. అందినట్టు రుజువు వచ్చాక ఎల్‌ఆర్‌తో కలిపి పెట్టుకోండి.