పొగకు ధర కడితే కాలుష్యానికి లైసెన్స్ ఇచ్చినట్టా?

"అన్నా, పొల్యూషన్ ట్యాక్స్ అంటే డబ్బు కట్టి ఎంత పొగైనా వదులుకోండి అని కంపెనీలకు లైసెన్స్ ఇచ్చినట్టే కదా?" పోయిన వీడియో చూసి ఒక తమ్ముడు అడిగాడు.

ఆ లైసెన్స్ ఇప్పటికే ఉంది తమ్ముడూ. అదీ ఫ్రీగా. ఎలాగో చెప్తాను. ముందు మా అత్తయ్య వాళ్ల డాబా మీదకు రండి.

మా అత్తయ్య ఉండే ఊరికి దగ్గర్లో ఒక థర్మల్ ప్లాంటు ఉంది. ఎండాకాలం డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతుంది. గాలి అటు నుంచి తిరిగిందంటే చాలు, సాయంత్రానికి వడియాల మీద సన్నటి బూడిద పొర. వేలితో రాస్తే గీత పడుతుంది. కడగలేదు, తినలేదు. "ఏం చేస్తాం నాన్నా, గాలిని పట్టుకుని ఆపగలమా" అంటుంది. ఉతికిన బట్టలు మళ్లీ ఉతుకుతుంది. మామయ్యకు దగ్గు మందులు నెలనెలా కొంటారు.

ఇప్పుడు ఆ ప్లాంటులో తయారైన ఒక యూనిట్ కరెంటు ధరలో ఏమేం ఉన్నాయో చూడండి. బొగ్గు ఖర్చుంది, దాన్ని మోసిన రైలు కిరాయి ఉంది, జీతాలున్నాయి, బ్యాంకు వడ్డీ ఉంది. అత్తయ్య వడియాలు లేవు. మామయ్య మందుల బిల్లు లేదు. కరెంటు అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ బాగానే ఉన్నారు. ఆ బేరంలో లేని మూడో మనిషి మీద ఖర్చు పడింది. ఎకనామిక్స్‌లో నెగెటివ్ ఎక్స్‌టర్నాలిటీ అంటే ఇదే. ఇక్కడ ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏసీ వేసుకున్నవాళ్లకు అత్తయ్య డాబా సంగతి ఎలా తెలుస్తుంది? వాళ్లకు కనిపించేది బిల్లు ఒక్కటే. ఆ బిల్లు నిజం ఖర్చు కంటే తక్కువ చూపిస్తోంది కాబట్టి కరెంటు ఎక్కువ వాడతారు, ప్లాంటు ఎక్కువ పొగ వదులుతుంది. మార్కెట్ తనంతట తాను దీన్ని సరిచేసుకోలేదు, ఎందుకంటే అత్తయ్య నష్టం మార్కెట్‌లోకి రానే రాలేదు.

కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ ఆర్థర్ పిగూ 1920లో చెప్పింది సూటిగా ఇదే: బయటివాళ్ల మీద పడే నష్టం ఎంతో అంత పన్ను వేస్తే, ఆ ఖర్చు ధరలోకి వచ్చేస్తుంది.

ఇక లైసెన్స్ సంగతి. మన దగ్గర ప్రతి ప్లాంటుకీ ఒక పరిమితి ఉంటుంది: చిమ్నీలోంచి వచ్చే ఒక ఘనపు మీటరు గాలిలో ఇన్ని మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదు అని. ఆ గీత దాటితే తప్పు. గీత లోపల వదిలే ప్రతి కిలో ఉచితం. గీత కింద ఇంకో వంద కిలోలు తగ్గించగలిగినా తగ్గించడానికి యజమానికి ఏ కారణమూ లేదు. పన్ను వేస్తే మొదటి కిలో నుంచి చివరి కిలో దాకా ప్రతిదానికీ డబ్బు కట్టాలి. తగ్గించే ప్రతి కిలోకీ డబ్బు మిగులుతుంది. తేడా ఇక్కడుంది.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవే. రెండు ఫ్యాక్టరీలు, ఒక్కోటి ఏడాదికి 100 టన్నుల కాలుష్యం వదులుతుంది. మొదటిదాంట్లో 60 టన్నుల వరకు కిలోకు 20 రూపాయల ఖర్చుతో తగ్గించొచ్చు, ఆ తర్వాత చాలా ఖరీదు. రెండోది పాత డిజైన్, అక్కడ కిలో తగ్గించాలంటే 80 రూపాయలు. ప్రభుత్వం చెరో 30 టన్నులు తగ్గించమంటే మొదటివాడికి 6 లక్షలు, రెండోవాడికి 24 లక్షలు, మొత్తం 30 లక్షలు. దాని బదులు కిలోకు 50 రూపాయల పన్ను వేశారనుకోండి. మొదటివాడికి 50 కట్టడం కంటే 20 పెట్టి తగ్గించుకోవడమే లాభం, 60 టన్నులూ తగ్గించేస్తాడు. ఖర్చు 12 లక్షలు. రెండోవాడు పన్ను కట్టేస్తాడు. తగ్గింది అప్పుడూ 60 టన్నులే, ఇప్పుడూ 60 టన్నులే. తగ్గించడానికయ్యే ఖర్చు మాత్రం 30 లక్షల నుంచి 12కి దిగింది. ఎవరి దగ్గర చవగ్గా తగ్గుతుందో ప్రభుత్వం వెతుక్కోనక్కర్లేదు, ఎవరికి వాళ్లే లెక్క చూసుకుంటారు.

కాగితం మీద బాగానే ఉంది, నిజంగా జరిగిందా అంటే, స్వీడన్ చూడాలి.

వాళ్లు 1992లో పెద్ద బాయిలర్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్ల మీద కిలోకు 40 క్రోనార్ల చార్జీ పెట్టారు. బూడిదలా ఈ వాయువు వేలికి అంటదు, కానీ ఆమ్ల వర్షానికి, ఊపిరితిత్తుల జబ్బులకు కారణం. మంట వేడి బాగా పెరిగినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి తయారవుతుంది. ఇంధనంలో ఉండే నైట్రోజన్ నుంచి కూడా వస్తుంది.

కంపెనీలు ఒప్పుకోవడానికి స్వీడన్ వాళ్లు ఒక పని చేశారు. వసూలైన డబ్బు ఖజానాకు పోదు. నిర్వహణకు ఒక శాతం లోపే ఉంచుకుని మిగతాదంతా ఆ ప్లాంట్లకే తిరిగిచ్చేస్తారు, ఎవరు ఎంత శక్తి ఉత్పత్తి చేశారో దాన్ని బట్టి. రెండు ప్లాంట్లు చెరో లక్ష మెగావాట్ అవర్లు తయారు చేశాయనుకోండి. ఒకటి 20 వేల కిలోలు వదిలి 8 లక్షల క్రోనార్లు కట్టింది. ఇంకోటి 60 వేల కిలోలు వదిలి 24 లక్షలు కట్టింది. మొత్తం 32 లక్షలు. ఉత్పత్తి సమానం కాబట్టి చెరో 16 లక్షలు వెనక్కొస్తాయి. శుభ్రంగా నడిపినవాడికి 8 లక్షల లాభం, మురికిగా నడిపినవాడికి 8 లక్షల నష్టం. పక్కవాడి కంటే శుభ్రంగా ఉంటే డబ్బొస్తుందన్నమాట.

1992లో ఈ వాయువు తగ్గించే ఏర్పాట్లు ఉన్న ప్లాంట్లు 7 శాతం. మరుసటి ఏడాదికి 62 శాతం. నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. చార్జీ కట్టాలంటే చిమ్నీలో నిరంతరం కొలిచే మీటరు కావాలి. మీటరు పెట్టకపోతే చాలా ఎక్కువ వదులుతున్నట్టు లెక్కగట్టి వసూలు చేస్తారు, అందుకని దాదాపు అందరూ పెట్టుకున్నారు. పెట్టాక బాయిలర్ ఆపరేటర్లకు అప్పటిదాకా కనిపించనిది కనిపించింది. గాలి కాస్త తగ్గించి, దాన్ని ఒకేసారి కాకుండా దశలవారీగా పంపితే అంకె దిగుతోంది. కొత్త యంత్రం కొనక్కర్లేకుండా, ఉన్న బాయిలర్‌నే జాగ్రత్తగా నడిపి చాలా తగ్గించారు. అది సరిపోనిచోట కొలిమిలో అమ్మోనియా, యూరియా చల్లే పద్ధతి పెట్టారు. ఏ ఇన్‌స్పెక్టరూ బయట నుంచి వచ్చి ఈ చిన్న చిన్న సర్దుబాట్లు ఆర్డర్ వేసి చేయించలేడు.

లోపాలూ ఉన్నాయి. డబ్బు తిరిగి ఇచ్చేయడం వల్ల కరెంటు ధర పెద్దగా పెరగదు, కాబట్టి వాడకం తగ్గదు. ఒక్కో యూనిట్‌కు వచ్చే కాలుష్యం బాగా పడిపోయింది కానీ, ఉత్పత్తి పెరగడంతో మొత్తం కిలోలు అంతగా తగ్గలేదు. పైగా 2008లో 50 క్రోనార్లు చేసేదాకా ఆ 40ని కదపలేదు. పదహారేళ్లలో ధరలు పెరిగి ఆ చార్జీ బరువు కరిగిపోయింది.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్ పెట్టారు. 2016కి అది 400 అయింది. యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు పడుతుంది, అంటే 28 పైసలు. చిన్న మొత్తమేం కాదు. కానీ ఆ సెస్ పడింది బొగ్గు టన్ను మీద, చిమ్నీ మీద కాదు. బూడిద ఆపే ఫిల్టర్ బాగా నడిపిన ప్లాంటుకూ, రాత్రిళ్లు ఆ ఫిల్టర్ ఆపేసే ప్లాంటుకూ టన్నుకు అదే 400. బొగ్గు పొదుపు చేస్తే లాభం ఉంది, బూడిద ఆపితే పైసా లాభం లేదు. అత్తయ్య డాబాకు ఆ పన్నుతో సంబంధమే లేకుండా పోయింది. 2017లో అది జీఎస్టీ పరిహార సెస్‌గా మారింది, 2025 సెప్టెంబర్‌లో తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. అదీ చిమ్నీని చూడదు.

పరిమితుల దారీ అంత సాఫీగా లేదు. 2015 డిసెంబర్‌లో థర్మల్ ప్లాంట్లకు కొత్త పరిమితులు పెట్టారు. గంధకం వాయువు గడువులు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి, 2025 జులైలో చాలా ప్లాంట్లకు మినహాయింపే ఇచ్చారు. గడువు వాయిదా వేయించుకుంటే ఖర్చు సున్నా అయినప్పుడు ఏ యజమాని అయినా వాయిదానే అడుగుతాడు. కిలోకు ఇంత అని మీటరు తిరుగుతుంటే, ప్రతి నెల ఆలస్యానికీ ఒక బిల్లు ఉంటుంది.

అయితే ఆ మీటరును నమ్మగలగాలి. మిల్లీగ్రాముల లెక్కలో ఒక మెలిక ఉంది: పొగలో బయటి గాలి కలిపితే అంకె తగ్గుతుంది, కాలుష్యం తగ్గదు. అందుకే బొగ్గు ప్లాంట్లలో 6 శాతం ఆక్సిజన్‌కు సరిచేసి లెక్కగట్టాలి. పన్నుకైతే గాఢతతో పాటు ఎంత పొగ పోతోందో కూడా కొలిచి కిలోల్లోకి మార్చాలి, అప్పుడు గాలి కలిపినా ప్రయోజనం ఉండదు. ప్లాంటు లోడు పెరిగినా తగ్గినా రీడింగు గంటల తరబడి గీత గీసినట్టు కదలకుండా ఉందంటే ఆ మీటరును అనుమానించాల్సిందే.

తమ్ముడి ప్రశ్నలో నిజం ఒకచోట ఉంది, దాన్ని దాటేయను. ఇందాకటి లెక్కలో రెండో ఫ్యాక్టరీ పన్ను కట్టేసి 100 టన్నులూ వదిలింది. దాని పక్కనే అత్తయ్య ఇల్లుంటే? మొత్తం 60 టన్నులు తగ్గాయన్న సంగతి ఆమె వడియాలకు అక్కరకు రాదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ వదిలినా భూమి వేడెక్కేది ఒకటే కాబట్టి ఒకే పన్ను సరిపోతుంది. బూడిద అలా కాదు, పడినచోటే పడుతుంది. అందుకని ఊళ్ల మధ్య ఉన్న ప్లాంట్లకు పరిమితి ఉండాలి, ఆ పరిమితి లోపల కిలో కిలోకూ పన్నూ ఉండాలి. రెండూ కావాలనే నేనంటాను. ఆ డబ్బులో కొంత ఆ ఊళ్ల ఆసుపత్రికీ మంచినీళ్లకూ వెళ్లాలని కూడా నా కోరిక. పిగూ లెక్క ప్రకారం అది తప్పనిసరి కాదు, పన్ను పడితే చాలు. కానీ మామయ్య మందులు ఇన్నేళ్లూ సొంత డబ్బుతో కొన్నాడు.

మీ దగ్గర్లో పెద్ద ప్లాంటు ఉంటే గేటు దగ్గర చిమ్నీ రీడింగుల బోర్డు ఉందేమో చూడండి. ఉంటే పొద్దున ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి ఫొటో తీసి, తేదీతో నాకు పంపండి. వచ్చే వీడియోలో ఆ అంకెల్ని కిలోల్లోకి మార్చి, కిలోకు ఇంత అని వేస్తే ఆ ప్లాంటు బిల్లు ఎంతవుతుందో కలిసి లెక్కపెడదాం.