సిసు ఉండేది గుండెలో కాదు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. శాలువాలకే అరగంట పట్టింది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

'సిసు' అనే ఫిన్లాండ్ మాట గురించి చెప్పమన్నారు. ఆహ్వాన పత్రికలో దాని పక్కన 'ధైర్యం, పట్టుదల' అని అచ్చు వేశారు. నా గొడవంతా ఆ రెండు మాటలతోనే. నేను పనిచేసిన ఒక ఆఫీసులోనూ ఇదే మాటతో గోడకి పోస్టర్ తగిలించారు, సరిగ్గా టార్గెట్లు పెంచిన నెలలో! అప్పట్నుంచి సిసు అంటే ధైర్యమేగా అని ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

1972 సెప్టెంబర్ 3, మ్యూనిక్ ఒలింపిక్స్, పదివేల మీటర్ల ఫైనల్. మొత్తం పాతిక చుట్లు. పన్నెండో చుట్టులో ఫిన్లాండ్ కుర్రాడు లాసె వీరెన్ కాలు తడబడి పడిపోయాడు. ఊళ్లో పోలీసు ఉద్యోగం అతనిది. వెనకాలే వస్తున్న ట్యునీషియా రన్నర్ మొహమ్మద్ గమ్మూది అతన్ని తగిలి తనూ పడ్డాడు. మిగతావాళ్లు ఆగరు కదా, ముందుకు వెళ్లిపోయారు. వీరెన్ లేచాడు. చుట్టు తిరిగేలోపే గుంపును అందుకున్నాడు. చివరికి గెలిచాడు, అదీ 27 నిమిషాల 38.4 సెకన్లలో. రాన్ క్లార్క్ 1965లో పెట్టిన ప్రపంచ రికార్డు ఒక్క సెకను తేడాతో పోయింది. కింద పడి లేచినవాడు రికార్డు కొట్టడమేమిటండీ!

గమ్మూది కూడా లేచాడు, కొంచెం దూరం పరిగెత్తి తప్పుకున్నాడు. మరి అతనికి ధైర్యం లేదా? 1968 మెక్సికోలో అయిదువేల మీటర్ల స్వర్ణం అతనిదే. పట్టుదల లేదా? పట్టుదల లేకుండా ఒలింపిక్ ఫైనల్ దాకా ఎవరొస్తారు? ఆ రెండూ ఇద్దరికీ ఉన్నాయి. అందుకే ఆ రెండు మాటలతో ఆ పరుగు కథ చెప్పలేం అంటున్నాను. భయం ఉన్నచోట ధైర్యం పనికొస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేయడానికి పట్టుదల కావాలి. పన్నెండో చుట్టులో నేలమీద పడ్డవాడి ముందు భయమూ లేదు, ఏళ్లూ లేవు. లెక్క ప్రకారం పందెం చేజారింది, అంతే. లెక్క తప్పాక కూడా లోపల్నుంచి తన్నుకొచ్చేదాన్ని ఫిన్నులు సిసు అంటారు.

'లోపల్నుంచి' అని ఊరికే అనలేదు. వాళ్ల భాషలో సిసా అంటే లోపల, సిసుస్ అంటే లోపలి భాగం. సిసు ఆ కుటుంబంలోదే. మనం ధైర్యాన్ని గుండెలో పెట్టాం, గుండెధైర్యం అంటాం. కడుపులో ఏం పెట్టాం? కడుపుమంట, కడుపుకోత, కడుపుతీపి. సిసు ఈ కడుపు తాలూకుదండీ. అందులో కోపం కూడా ఉంది. ముక్కోపిని వాళ్లు 'పహన్‌సిసుయినెన్' అంటారు, అంటే చెడ్డ సిసు ఉన్నవాడని. మన 'మొండివాడు రాజుకన్నా బలవంతుడు' అనే సామెత దీనికి చాలా దగ్గర. మొండి అన్నప్పుడు మెచ్చుకోలూ ఉంటుంది, తిట్టూ ఉంటుంది. ఏదో మీరే తేల్చుకోవాలి. బూడిదరంగు బండరాయిలోంచైనా దూసుకుపోతాడని ఫిన్నులు అనేది కూడా ఇలాంటివాణ్ణే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి ముగిస్తాను, నిజంగానే ఒక్కటి.

ఈ మాటలోంచి తిట్టును తీసేసి మెచ్చుకోలు మాత్రమే లోకానికి పంచింది యుద్ధవార్తలు. 1939 నవంబర్‌లో సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీదికి వచ్చింది. ఆ దేశాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క మాట చాలన్నట్టు జనవరిలో న్యూయార్క్ టైమ్స్ శీర్షిక పెట్టింది. 105 రోజులు పోరాడారు, నిజమే. కానీ ఆఖరికి దేశంలో పదో వంతు వదులుకున్నారు, నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లు విడిచి వచ్చారు. పోస్టర్లలో ఈ సగం ఉండదు.

తిట్టు సగాన్ని మళ్లీ బయటికి తీసింది ఫిన్లాండ్ పరిశోధకులే. సిసును కొలవడానికి 2022లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. అందులో సిసు రెండుగా విడిపోయింది, మేలు చేసేది ఒకటి, కీడు చేసేది ఒకటి. ఆగాల్సిన చోట ఆగకపోవడం, సాయం అడగకపోవడం, తనలాగే అందరూ కష్టపడాలని ఎదుటివాణ్ణి కాల్చుకు తినడం, ఇవన్నీ ఆ రెండో దాని లక్షణాలు. పిల్లలకి జ్వరమొచ్చినా పరీక్ష రాయించే తల్లిదండ్రులు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను, కంగారుపడకండి.

అందుకే గమ్మూదిని పిరికివాడు అనకండి. దెబ్బ తగిలిన ఒంటితో మిగతా చుట్లు కూడా ఈడ్చుకుంటూ వెళ్తే ఏమయ్యేదో మనకు తెలియదు. అతను ఆగాడు. వారం తిరిగేసరికి అదే మ్యూనిక్‌లో అయిదువేల మీటర్ల ఫైనల్‌లో దిగాడు. రజతం గెలిచాడు. అతని ముందు చేరింది ఒక్క వీరెనే.